కిడ్నీ స్లైడ్‌లో అన్నీ ఒకేలా కనిపిస్తుంటే

తిరుపతిలో మా ల్యాబ్‌కి వచ్చే ఎంఎల్‌టీ, జువాలజీ పిల్లలు నెఫ్రాన్ బొమ్మ కళ్లు మూసుకుని గీసేస్తారు. స్లైడ్ పెట్టి చూడమంటే మాత్రం "అన్నీ గులాబీ రంగు సున్నాలే కద సార్" అంటారు. బొమ్మలో నెఫ్రాన్ పొడవునా పరుచుకుని ఉంటుంది. స్లైడ్‌లో అదే నాళిక మెలికలు తిరిగిన ప్రతిచోటా తెగిపోయి, ఏ ముక్క ఎక్కడిదో తెలియకుండా పడి ఉంటుంది. ఇక గోడలోని కణాలను చూసి పోల్చుకోవాల్సిందే.

సమస్య: పీసీటీ ఏది, డీసీటీ ఏది?

పీసీటీ అంటే నెఫ్రాన్‌లో వడపోత అయిన వెంటనే వచ్చే సమీపస్థ మెలికల నాళిక, డీసీటీ అంటే హెన్లీ లూప్ దాటాక వచ్చే దూరస్థ మెలికల నాళిక. ఈ రెండింటినీ చాలామంది రంగుతో తేల్చేస్తారు. ముదురు గులాబీ అయితే పీసీటీ, లేతగా ఉంటే డీసీటీ అని. మామూలు హెమటాక్సిలిన్-ఇయోసిన్ స్లైడ్‌లో ఇది సగం నిజమే గానీ, సెక్షన్ మందంగా వచ్చినా, ఇయోసిన్ ఎక్కువైనా రెండూ ఒకేలా ఉంటాయి. రంగును పక్కనపెట్టి 40ఎక్స్‌లో నాళిక మధ్య ఖాళీని చూడండి.

పీసీటీలో ఆ ఖాళీ అంచు నూగుగా, మసకగా ఉంటుంది. అదే బ్రష్ బార్డర్, అంటే ఒత్తుగా నిలబడ్డ మైక్రోవిల్లై. రోజుకు సుమారు 180 లీటర్లు వడపోతకు వస్తే, అందులో మూడింట రెండు వంతుల నీరు, సోడియం, దాదాపు మొత్తం గ్లూకోజ్ ఇక్కడే వెనక్కి వెళ్లాలి. అంత పనికి చదునైన ఉపరితలం చాలదు. పక్కపక్క కణాల గోడలు కూడా ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి కాబట్టి ఒక కణం ఎక్కడ ముగిసిందో కనబడదు. కణాలు పెద్దవి, అందుకే ఒక్కో సున్నాలో కేంద్రకాలు తక్కువ.

డీసీటీకి బ్రష్ బార్డర్ లేదు. ఖాళీ శుభ్రంగా, అంచు తేటగా ఉంటుంది. కణాలు చిన్నవి కాబట్టి కేంద్రకాలు ఎక్కువ కనబడతాయి. దీనిలో మైటోకాండ్రియాకు తక్కువేమీ లేదు. సోడియం పంపులు నడవాలి కదా, అందుకే అవి కణం అడుగు భాగంలోని మడతల మధ్య నిలువుగా పేర్చినట్టుంటాయి.

ఇంకా అనుమానంగా ఉంటే రక్తాన్ని వడపోసే కేశనాళికల ముద్ద, అంటే గ్లోమెరులస్ దగ్గరికి వెళ్లండి. రక్తనాళాలు లోపలికి వెళ్లే వైపు ఆనుకుని ఉన్న నాళికలో ఒకచోట కేంద్రకాలు ఇరుకిరుకుగా వరుసకట్టి ఉంటే అది మాక్యులా డెన్సా. ఆ నాళిక దూరస్థ భాగానిదే. దాన్ని కొలబద్దగా పెట్టుకుని చుట్టుపక్కల వాటిని పోల్చండి.

సమస్య: ఎంత వెతికినా బ్రష్ బార్డరే లేదు

ఇక్కడ తప్పు కంటిది కాదు, కణజాలానిది. మొన్న మే నెలలో ఒక బ్యాచ్ పిల్లలు మధ్యాహ్నం మటన్ కొట్టు నుంచి మేక కిడ్నీ తెచ్చి, కోయకుండా అలాగే ఫార్మలిన్‌లో వేశారు. స్లైడ్‌లో గ్లోమెరులస్‌లు బాగానే ఉన్నాయి. పీసీటీ కణాలు మాత్రం గోడ నుంచి ఊడి, ఖాళీ నిండా చెత్తలా పడి ఉన్నాయి, కేంద్రకాలు వెలిసిపోయాయి. పీసీటీ ఆక్సిజన్ మీద బాగా ఆధారపడే భాగం, రక్తం ఆగితే ముందు దెబ్బతినేవాటిలో ఇదొకటి. దానికి మన ఎండ తోడైంది. పైగా ఫార్మలిన్ లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది, మొత్తం కిడ్నీ వేస్తే మధ్య భాగానికి అందేలోపే కుళ్లు మొదలవుతుంది.

కోసిన వెంటనే తెప్పించండి. దారిలో చల్లగా ఉంచండి గానీ గడ్డకట్టించొద్దు, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. పై పొర నుంచి లోపలి దాకా వచ్చేలా 3-4 మిల్లీమీటర్ల ముక్కలు కోసి, ముక్కకు కనీసం 10 రెట్లు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో ఒక రోజు ఉంచండి. తర్వాత పీఏఎస్ స్టెయిన్ వేస్తే బ్రష్ బార్డర్ ముదురు గులాబీ గీతలా స్పష్టంగా తేలుతుంది.

సమస్య: మెడుల్లాలో అన్నీ సన్నని సున్నాలే

కిడ్నీ లోపలి భాగమైన మెడుల్లాలో హెన్లీ లూప్ సన్నని భాగం, రక్తకేశనాళిక పక్కపక్కనే ఉంటాయి, రెండింటి గోడా పలుచనే. లోపల ఎర్ర రక్తకణాలుంటే అది కేశనాళిక. లేకపోతే కేంద్రకాలు చూడండి: లూప్‌లో అవి కొంచెం గుండ్రంగా, లోపలికి ఉబ్బి, దగ్గరదగ్గరగా ఉంటాయి.

వీటి మధ్య పెద్ద ఖాళీతో, ప్రతి కణం సరిహద్దూ గీత గీసినట్టు కనిపించేది కలెక్టింగ్ డక్ట్. అందులో లేతగా ఉండే ప్రిన్సిపల్ కణాలదే మెజారిటీ. ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ ఏడీహెచ్ అందగానే ఇవి ఆక్వాపోరిన్-2 ద్వారాలను పై పొరకు తెచ్చి నీటిని రానిస్తాయి. మధ్యమధ్య కాస్త ముదురుగా ఉండే ఇంటర్‌కలేటెడ్ కణాలు ఆమ్లం సంగతి చూసుకుంటాయి. లోపలికి పోయేకొద్దీ కణాలు పొడవవుతాయి.

ఒక్క మాట, రికార్డులో గ్లోమెరులస్ కేశనాళికలను చుట్టుకునే పోడోసైట్ కణాల పాదాలు గీసి "స్లైడ్‌లో చూశాను" అని రాయకండి. అవి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి తప్ప కనబడవు, ఎగ్జామినర్ మొదట అడిగేది దాని గురించే.