జీతం లెక్క నేర్చుకుందాం – 3: ఓటీ చేసిన నెలలో చేతికెంత?

కిందటి పాఠంలో బేసిక్, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపి నెల జీతం ఎలా వస్తుందో చూశాం. ఈసారి ఓటీ కలుపుదాం. ఒకటి గుర్తుంచుకుంటే చాలు: ఓటీకి, పీఎఫ్‌కి, వృత్తి పన్నుకి ఒకే మొత్తం మీద లెక్క కట్టరు.

జీడిమెట్లలో ఒక మెషిన్ ఆపరేటర్ ఉన్నాడనుకుందాం. బేసిక్, డీఏ కలిపి 13,000, హెచ్‌ఆర్‌ఏ 3,640, మొత్తం 16,640 రూపాయలు. రోజుకి 8 గంటల షిఫ్టు, వారానికి ఆరు రోజులు. నాగా లేకుండా పనిచేసి, ఆ నెల 24 గంటలు ఓటీ చేశాడు.

ముందు గంట రేటు తేల్చాలి. 16,640ని 26 రోజులతో భాగిస్తే రోజుకి 640, దాన్ని 8తో భాగిస్తే గంటకి 80. వారంలో 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి కాబట్టి ఓటీ గంటకి 160. 24 గంటలకి 3,840. నెల మొత్తం సంపాదన 20,480.

తేడాలు ఎక్కువగా వచ్చేది ఈ గంట రేటు దగ్గరే. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 59వ సెక్షన్ ప్రకారం బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా కలిపే రేటు కట్టాల్సి ఉండేది, బోనస్ మాత్రం కలపకూడదు. ఈ పాఠంలో లెక్క ఆ పద్ధతిదే. కొన్నిచోట్ల బేసిక్, డీఏ మీదే కడతారు. అప్పుడు గంటకి 125 పడుతుంది, ఈ కార్మికుడికి ఆ ఒక్క నెలలోనే 840 రూపాయలు తగ్గుతాయి. స్లిప్పులో పట్టుకోవడం తేలికే. ఓటీ డబ్బుని ఓటీ గంటలతో భాగించి, సగం చేసి, 8తో, తర్వాత 26తో గుణించండి. 16,640 వస్తే ఆ పద్ధతిలో లెక్క సరే. 13,000 వస్తే అలవెన్సులు వదిలేశారు. 8,320 వస్తే రెట్టింపు ఇవ్వకుండా మామూలు రేటే ఇచ్చారు.

ఇక కోతలు. పీఎఫ్ బేసిక్, డీఏ మీద 12 శాతం, అంటే 1,560. ఓటీ ఎంత చేసినా ఇది పెరగదు. స్లిప్పులో 2,021 కనబడితే ఓటీ మీద కూడా కోశారన్నమాట. వెంటనే అడగండి.

వృత్తి పన్ను తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెలకి 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. సాధారణంగా జీతాల సెక్షన్‌లో ఆ నెల మొత్తం సంపాదన చూసి కోస్తారు. మామూలు నెలల్లో 150 కట్టే మనవాడికి ఈ నెల 200 పడింది అందుకే.

20,480లో 1,560, 200 తీసేస్తే 18,720. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి అదీ పోతుంది. దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

ఈలోగా మీరే ఒకటి చేయండి. బేసిక్, డీఏ 11,700, హెచ్‌ఆర్‌ఏ 2,860, ఓటీ 10 గంటలు. 14,406 రావాలి. 14,556 వస్తే వృత్తి పన్ను దగ్గర మళ్లీ చూసుకోండి.