జూనియర్ ఇంజినీరు లైసెన్సుకి సిఫారసు లేఖ ఎలా రాయాలి?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు కుర్రాళ్లు చాలామంది రోడ్లు, వంతెనల పనుల్లో ఉన్నారు. ఏడెనిమిదేళ్లు సర్వీసు పడగానే ప్రొఫెషనల్ ఇంజినీరు గుర్తింపుకి దరఖాస్తు పెడతారు. సీనియర్ దగ్గరికొచ్చి "సార్, ఒక లెటర్ ఇవ్వండి" అని అడుగుతారు. సారేమో "నువ్వే రాసుకురా బాబూ, సంతకం పెడతాను" అంటాడు. లేఖ అక్కడే పాడవుతుంది. కుర్రాడు తన గురించి తాను "నిజాయతీపరుడు, కష్టపడే స్వభావం" అని రాసుకొస్తాడు. ఆ కాగితం రేపు గుమస్తా ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. కాబట్టి లేఖ మీరే రాయండి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి: దరఖాస్తు ఫారం నకలు, కుర్రాడి అనుభవ పత్రాలు, మీరిద్దరూ కలిసి చేసిన పనుల కొలతలు రాసిన ఎం.బి.లు, సైట్ ఆర్డర్ బుక్కు. ఆఫీసు లెటర్‌హెడ్ వాడే అధికారం ఉంటే అది, లేదంటే తెల్ల కాగితం. పేజీన్నర దాటకూడదు. మూడో పేజీ ఎవరూ చదవరు.

పేరు, తేదీలు

మన సరిహద్దు ఊళ్లలో ఒక చిక్కు ఉంది. ఒడిశా బోర్డులో చదివిన మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది. ఆంధ్రాలో చదివిన డిగ్రీలో అదే ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందుకొస్తుంది. ఆఫీసులో పిలిచే పేరు ఇంకోటి. దరఖాస్తులో ఏ పేరుందో లేఖలోనూ అక్షరం మారకుండా అదే పెట్టండి. తేదీలు కూడా అంతే. మీ కింద ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశాడో నెలతో సహా రాయండి, అది అనుభవ పత్రంతో సరిపోవాలి. మధ్యలో బదిలీ మీద వెళ్లిన కాలాన్ని మీ లెక్కలో కలపకండి. అప్పుడు అతని పని చూసినవాళ్లు వేరే ఉన్నారు, ఆ మాట వాళ్లే చెప్పాలి.

ఇంతవరకు సులువు. అసలు పని ఇక్కడి నుంచి.

బాధ్యత ఎవరిదో చెప్పడం

మన దేశం తరఫున అంతర్జాతీయ ప్రొఫెషనల్ ఇంజినీర్ల ఒప్పందంలో ఉన్నది ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇండియా. ఆ ఒప్పందం ప్రమాణం ప్రకారం డిగ్రీ తర్వాత కనీసం 7 ఏళ్ల అనుభవం ఉండాలి, అందులో కనీసం 2 ఏళ్లు ముఖ్యమైన పనికి రెస్పాన్సిబుల్ ఛార్జ్‌లో ఉండాలి. ఏడేళ్లు సర్వీసు రికార్డు చూపిస్తుంది. ఆ రెండేళ్ల సంగతి చెప్పవలసింది మీ లేఖే. సైట్‌లో హాజరు వేయించుకున్నంత మాత్రాన, ఇచ్చిన డ్రాయింగు ప్రకారం కాంక్రీటు పోయించినంత మాత్రాన రెస్పాన్సిబుల్ ఛార్జ్ కాదు. తప్పయితే నష్టం జరిగే నిర్ణయం అతను తీసుకున్నాడా, ఏ ఆధారంతో తీసుకున్నాడు, ప్రశ్నిస్తే నిలబడ్డాడా అన్నదే చూస్తారు.

అందుకే "మేము నిర్మించాం", "అతను పాల్గొన్నాడు", "సహకరించాడు" అన్న మాటలు నా లేఖలో ఉండవు. "మేము" అంటే ఎవరు చేశారో తెలియదు. "పాల్గొన్నాడు" అంటే టీ తెచ్చినా పాల్గొన్నట్టే. ప్రతి వాక్యానికీ కర్త ఒక్కరే ఉండాలి: అతను లెక్క కట్టాడు, నేను సరిచూశాను, పై అధికారి ఆమోదించారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొండవాగు మీద గ్రామీణ రోడ్డు కల్వర్టు. మంజూరైన ఎస్టిమేటులో పరీవాహకం 2.5 చదరపు కిలోమీటర్లు. కుర్రాడు 1:50,000 టోపోషీటు మీద గట్లు మళ్లీ గీసి చూస్తే 4 వచ్చింది. వెనకున్న ఒక లోయని ఎస్టిమేటు వేసినవాళ్లు వదిలేశారు. ఇక్కడ వాన ఏడాదికి 120 సెంటీమీటర్లు దాటుతుంది గనక వరద లెక్క కట్టే డికెన్స్ సూత్రంలో గుణకం 14 నుంచి 19 మధ్య తీసుకుంటాం. అతను 16 తీసుకున్నాడు. పాత లెక్కన వరద సెకనుకి సుమారు 32 ఘనపు మీటర్లు, కొత్త లెక్కన 45. నీటి వేగం సెకనుకి 3 మీటర్లనుకుంటే వరద దారి 10.6 చదరపు మీటర్లు కాదు, 15 కావాలి. నీళ్లు పోయే ఖానాలు, అంటే వెంట్లు, ఒక్కోటి 2.5 మీటర్ల వెడల్పు, నీటి లోతు 2.2 మీటర్లు అనుకుంటే రెండు వెంట్లకి 11, మూడింటికి 16.5. అంటే మూడో వెంటు తప్పదు. అప్పుడు పొడవు 6 మీటర్లు దాటుతుంది, కల్వర్టు కాస్తా కాగితాల మీద చిన్న వంతెన అవుతుంది, ఎస్టిమేటు మళ్లీ పైకి వెళ్లాలి. పని ఆగుతుంది, కాంట్రాక్టరు గొడవ చేస్తాడు. అయినా కుర్రాడు ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, పాత వరద గుర్తుని లెవెల్ పెట్టి కొలిచి, తన లెక్కతో పోల్చి రిపోర్టు పెట్టాడు.

దీన్ని చాలామంది "వంతెన పనిలో చక్కటి ప్రతిభ చూపాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనైతే ఇలా రాస్తాను (పంపేది ఇంగ్లిష్‌లోనే, విషయం మాత్రం ఇది):

"మంజూరైన ఎస్టిమేటులో పరీవాహకం తక్కువగా ఉందని ఇతను స్వయంగా కనిపెట్టాడు. వరద లెక్క మళ్లీ కట్టి రెండు వెంట్లకి బదులు మూడు ప్రతిపాదించాడు. గుణకం 16 ఎందుకని నేను అడిగితే వాన లెక్క, వరద గుర్తు రెండూ చూపించాడు. లెక్క నేను సరిచూశాను. సవరించిన ఎస్టిమేటు పై అధికారి ఆమోదించారు. శ్లాబు, గోడల కడ్డీల డిజైను ఇతనిది కాదు, డిజైను విభాగానిది."

ఆ చివరి వాక్యం చూసి కుర్రాడు మొహం ముడుచుకుంటాడు. "అది తీసెయ్యండి సార్, బలహీనంగా ఉంది" అంటాడు. తీయకండి. రేపు ఇంటర్వ్యూలో కడ్డీ ఎంత దూరంలో వేశారు, ఎందుకు అని అడిగితే తడబడతాడు. ఆ తడబాటు వరద లెక్క మీద కూడా అనుమానం తెస్తుంది. హద్దు ముందే రాసి ఉంటే వాళ్లు అతనికి తెలిసిందే అడుగుతారు.

ఇలాంటివి రెండు చాలు. కొందరు పది పనుల జాబితా పెడతారు, ఖర్చు లక్షల్లో వేసి మరీ. ఖర్చుతో బాధ్యత తేలదు. కోట్ల పనిలో కొలతలు రాసినవాడికన్నా ఈ వాగు మీద మూడో వెంటు కోసం పట్టుబట్టినవాడికే ఎక్కువ చెల్లుతుంది. రాసే ముందు ఆ రెండు పనుల సైట్ ఆర్డర్ బుక్కు తెరవండి. ఆ తేదీల్లో అతని చేతిరాత, అతని సంతకం ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ పని వదిలేసి ఇంకోటి తీసుకోండి, మీ జ్ఞాపకాన్ని నమ్ముకోకండి.

ముగింపు, పంపడం

చివరి పేరాలో మీ హోదా, మీ సభ్యత్వం లేదా రిజిస్ట్రేషన్ నంబరు, అతన్ని ఏ హోదాలో పర్యవేక్షించారో రాయండి. బంధువైతే అసలు రాయకండి, మేనల్లుడైనా సరే. అమెరికా లైసెన్సుకైతే లేఖ కన్నా ఫారమే ముఖ్యం. అక్కడి లైసెన్సు బోర్డుల సంఘం ఎన్‌సీఈఈఎస్ రికార్డుకి ఐదుగురు రెఫరెన్సులు అడుగుతారు, వారిలో ముగ్గురు లైసెన్సున్న ఇంజినీర్లే కావాలి. మీకు ఆ లైసెన్సు లేకపోతే మిగిలిన ఇద్దరిలో ఒకరవుతారు. రాసే విషయం మాత్రం పైన చెప్పినదే.

సంతకం నీలం సిరాతోనే. ఫోన్ నంబరు మీరు నిజంగా ఎత్తేదే ఇవ్వండి. కుర్రాడి చేతికి వర్డ్ ఫైలు ఇవ్వకండి, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. నకలొకటి మీ దగ్గర ఉంచుకుని, దాంతోపాటు ఆ వరద లెక్క కాగితాన్నీ పిన్ చేయండి. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే వెతుక్కోనక్కర్లేదు.