విజిటింగ్ కార్డు ఇచ్చారంటే న్యూస్‌లెటర్‌కు ఒప్పుకున్నట్లు కాదు

సదస్సులో పరిచయమైనవారు విజిటింగ్ కార్డు చేతిలో పెట్టారంటే, మాట్లాడుకున్న పని గురించి రాయమన్నారని మాత్రమే అర్థం. అందుచేత కార్డులోని ఈమెయిల్ చిరునామాలను నేరుగా న్యూస్‌లెటర్ జాబితాలో చేర్చకుండా, ఒక్కొక్కరికీ విడిగా ఒకే ఒక ఈమెయిల్ రాయండి: "మొన్న సదస్సులో కలిశాం. నేను నెలకొకసారి న్యూస్‌లెటర్ పంపుతుంటాను. కావాలనుకుంటే ఈ లింకు నొక్కండి, లేకపోతే మళ్ళీ పంపను." లింకు నొక్కినవారిని మాత్రమే చేర్చి, ఆ తేదీని, పరిచయమైన సందర్భాన్ని వారి పేరు పక్కనే నమోదు చేసుకోవాలి. జవాబు రాకపోతే దాన్ని అంగీకారంగా తీసుకోకూడదు.

అసలు చిక్కు వద్దన్నవారి విషయంలో వస్తుంది. ఒకసారి నేను అలాంటి ఒకరి పేరును జాబితాలోంచి పూర్తిగా తీసేసి, పని అయిపోయిందనుకున్నాను. ఆరు నెలల తర్వాత పాత ఎక్సెల్ షీటును మళ్ళీ అప్‌లోడ్ చేసినప్పుడు, ఆ చిరునామా కొత్తదానిలా తిరిగి చేరిపోయింది. ఆయన ఘాటుగానే జవాబు రాశారు, అందులో తప్పేమీ లేదు. కాబట్టి వద్దన్నవారి చిరునామాను చెరిపేయకుండా Unsubscribed అన్న గుర్తుతో అలాగే ఉంచాలి. అప్పుడు పాత షీటు మళ్ళీ ఎక్కించినా, సాధారణంగా న్యూస్‌లెటర్ సాఫ్ట్‌వేర్ ఆ చిరునామాకు పంపదు. షీటులోనే జాబితా నడిపేవారు "పంపకూడనివారు" అని వేరే పేజీ పెట్టుకుని, పంపే ప్రతిసారీ దానితో సరిచూసుకోవాలి. న్యూస్‌లెటర్‌లోని Unsubscribe లింకు నొక్కకుండా "ఇక పంపకండి" అని జవాబు రాసేవారూ ఉంటారు. వారికి ఆ గుర్తును మనమే, అదే రోజు పెట్టాలి.