రేటు మెసేజ్ వేరే రైతుకు వెళ్లిపోతే ఏం చేయాలి?

కావలిలో ఉండే రొయ్యల ఏజెంటు ఒకాయన అల్లూరు రైతుకు వాట్సాప్‌లో ఇలా రాశాడనుకుందాం: "రేపు తెల్లారి 4కి పట్టుబడి. 40 కౌంట్ 350. మేత ఆపు, ఐస్ బండి పంపిస్తా." అది కొత్తపట్నం రైతుకు పోయింది. నిన్ననే ఆయనకు అదే కౌంటుకు 335 అని చెప్పి ఉన్నాడు.

మెసేజ్ తీసేయడానికి ముందు రెండు సెకన్లు ఆగి టిక్కులు చూడండి. ఒకటే టిక్కు ఉంటే ఇంకా ఆయన ఫోనుకు చేరలేదు. రెండు నీలం టిక్కులు పడితే చదివేశాడు. రెండు బూడిదరంగు టిక్కులు ఉంటే మాత్రం చదవలేదని నమ్మొద్దు. ఫోను తెరవకుండానే పైన నోటిఫికేషన్లో చదివి ఉండొచ్చు, నీలం టిక్కులు రాకుండా సెట్టింగు మార్చుకుని ఉండొచ్చు. ఏం పంపారో ఒక స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి. తీసేశాక సరిగ్గా ఏ అంకె వేశారో గుర్తుండదు, తర్వాత మాట్లాడేటప్పుడు అదే కావాలి.

ఇప్పుడు మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి, డబ్బా గుర్తు నొక్కి, Delete for everyone ఎంచుకోండి. కంగారులో చాలామంది పక్కనున్న Delete for me నొక్కేస్తారు. అప్పుడు మీ ఫోనులో పోతుంది, ఆయన ఫోనులో అలాగే ఉంటుంది, కాసేపాగితే మళ్లీ తీసే దారీ ఉండదు. అలా జరిగితే కింద కొన్ని సెకన్లపాటు కనిపించే Undo వెంటనే నొక్కండి. అందరికీ తీసేసే వీలు పంపిన తర్వాత రెండు రోజులకు కాస్త పైగా ఉంటుంది. Edit మాత్రం 15 నిమిషాలే. అది సరైన మనిషికి తప్పు అంకె పోయినప్పుడు వాడాల్సింది. మనిషే తప్పయితే దిద్దడం వల్ల లాభం లేదు. మామూలు ఎస్సెమ్మెస్ అయితే వెనక్కి తీసుకునే దారే లేదు, నేరుగా ఫోను చేయాల్సిందే.

తీసేసినా ఆయన ఫోనులో మెసేజ్ తొలగించారన్న గుర్తు మిగులుతుంది. అది చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. పైగా ఆయన చదివేసి ఉంటే తెల్లారి పట్టుబడనుకుని మేత ఆపేస్తాడు, వల కూలీలను పిలిపించుకుంటాడు. మెసేజ్ తీసేసినంత మాత్రాన పట్టుబడి రద్దయిందని ఆయనకు తెలియదు. అందుకే వెంటనే ఫోను చేసి ఆ మాట నోటితో చెప్పాలి:

"అన్నా, ఇందాక నీకొచ్చిన మెసేజ్ వేరే రైతుకు పోవాల్సింది, పొరపాటున నీకు పంపించా. రేపు నీకు పట్టుబడి లేదు, మేత ఆపొద్దు. ఎవరికైనా చెప్పుంటే ఆపెయ్యమని చెప్పు. అది ఇంకెవరికీ పంపొద్దన్నా."

పిల్లలు ఫోను నొక్కారనో, నెట్‌వర్క్ తేడా అనో చెప్పొద్దు. రేటు చూసిన మనిషి ఎలాగూ అడుగుతాడు: "ఆయనకు 350, నాకు 335 ఏంది?" అప్పుడు దాటేస్తే ఆయన మిమ్మల్ని ఇంక నమ్మడు. అవతలి రైతు లెక్కలు విప్పకుండానే నిజం చెప్పొచ్చు: "ఆయన సరుకు సంగతి నీకు చెప్పలేనన్నా, నీది ఆయనకు చెప్పనట్టే. నీ రేటు మీద నీకు అనుమానం వచ్చింది కాబట్టి సాయంత్రం కంపెనీతో మాట్లాడి, ఎందుకంత వచ్చిందో చెప్తా." సాయంత్రం అన్నాక సాయంత్రమే ఫోను చేయాలి. రేటు పెంచుతానని మాత్రం ఆ కంగారులో మాటివ్వొద్దు.

ఇక అల్లూరు రైతు. చాలామంది ఇక్కడే మరిచిపోతారు: ఆయనకు అసలు కబురే అందలేదు. తెల్లారి 4కి ఐస్ బండి గట్టు మీద నిలబడితే, చెరువులో మేత వేసి ఉంటుంది, కూలీలు ఉండరు. ముందు ఆ మెసేజ్ ఆయనకు పంపి, అందిందని ఆయన నోటితో విన్నాక జరిగింది చెప్పండి:

"అన్నా, నీ రేటు, పట్టుబడి టైము పొరపాటున ఇంకో రైతుకు పోయినాయి. మెసేజ్ తీసేశా, ఆయనతో మాట్లాడా. కానీ ఆయన చదివేశాడు. నీ పేరు అందులో లేదు. ఎవరైనా అడిగితే నీకు ముందే తెలిసుండాలని చెప్తున్నా."

"ఏం కాదులే" అనేది ఆయన అనాల్సిన మాట, మీరు అనొద్దు. చదివినాయన ఎవరని అడిగినా పేరు చెప్పకండి. మెసేజ్ పోయింది మీ వల్ల. ఇద్దరూ ఒకరినొకరు అడగాల్సిన పని పెట్టొద్దు. ఒకవేళ మెసేజ్‌లో పేరు ఉండి ఉంటే, అదీ దాచకుండా చెప్పండి.

ఇద్దరి పేర్లూ ఫోనులో ఒకేలా ఉంటే ఆ రోజే మార్చేయండి. పేరుకు ముందు ఊరు వేసి "అల్లూరు", "కొత్తపట్నం" అని మొదలుపెడితే చాట్ పైన మొదట కనబడేది ఊరే అవుతుంది. రేటు రాసేటప్పుడు కూడా మొదటి మాటగా ఊరి పేరు పెట్టండి. తప్పు మనిషికి పోయినా అది తనది కాదని ఆయనకు మొదటి మాటలోనే తెలుస్తుంది.