రాత్రి పదింటి ఫోన్ గొడవ: లాక్కున్నా ఎందుకు ఆగదు?

సమస్య

ఇంటర్ ఫస్టియర్ పిల్లాడి ముందు ఫిజిక్స్ పుస్తకం తెరిచే ఉంటుంది, చేతిలో మాత్రం ఫోన్. పదింటికి తండ్రి లాక్కుంటాడు, వాడు తలుపు ధడాలున వేసుకుంటాడు. మర్నాడూ అంతే. విజయనగరంలో మా అక్క ఇంట్లో రెండు నెలలు ఇదే నడిచింది.

కారణం

"బద్ధకం" అని బావగారు తేల్చేశారు. వాణ్ని అడిగినవాళ్లు లేరు.

అమెరికా సైకాలజిస్ట్ రాస్ గ్రీన్ ఇలాంటి గొడవలకు ఒక వరుస చెప్పాడు: ముందు పిల్లాడి ఇబ్బంది వినాలి, తర్వాత మన బెంగ చెప్పాలి, ఆ తర్వాతే ఇద్దరూ కలిసి దారి వెతకాలి. మనం మొదటిది దాటేసి నేరుగా తీర్పు చెప్పేస్తాం.

అక్క ఆదివారం టిఫిన్ అయ్యాక, గొడవ లేని వేళ చూసి అడిగింది. "ఫోన్ ఎందుకు వదలవు?" అనలేదు. "చదువుకునేటప్పుడు ఫోన్ పక్కన పెట్టడం కష్టంగా ఉన్నట్టుంది. ఏటవుతోంది నాన్నా?" అంది.

"ఏటీ లేదు."

ఇక్కడే చాలామంది క్లాసు పీకడం మొదలుపెడతారు. అక్క ఊరుకుంది. కాసేపటికి వాడే చెప్పాడు: లెక్క దగ్గర ఆగిపోతాడట. ఫ్రెండ్స్ గ్రూపులో జవాబుల ఫోటోలు తొమ్మిదిన్నరకి గానీ రావు. అంతదాకా ఎదురుచూస్తూ రీల్స్ తెరుస్తాడు. అంటే లెక్క ఆగిన చోటే ఫోన్ మొదలవుతోంది.

పరిష్కారం

అక్క ఒక్క బెంగే చెప్పింది: "పన్నెండింటికి పడుకుని ఐదున్నరకి లేస్తున్నావు, క్లాసులో కునుకు తీస్తున్నావు." మార్కుల ఊసు, పక్కింటి అబ్బాయి ఊసు ఎత్తలేదు.

"రీల్స్ మానేస్తాను" అన్నాడు వాడు. అది మాటివ్వడమే గానీ, లెక్క ఆగినప్పుడు ఏం చేయాలో అందులో లేదు. "తొమ్మిదికే ఫోన్ ఇచ్చేయ్" అన్నారు బావగారు. అప్పుడు జవాబులే అందవు. చివరికి కుదిరింది ఇది: సాయంత్రం ఓపికున్నప్పుడే ఫిజిక్స్. ఆగిన లెక్కకి పెన్సిల్‌తో గుర్తు పెట్టి కెమిస్ట్రీకి వెళ్లిపోవడం. తొమ్మిదిన్నర నుంచి పది దాకా హాల్లో కూర్చుని, వచ్చిన జవాబులు చూసి నోట్సులో రాసుకోవడం. పదికి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి. బావగారి ఫోన్ కూడా అక్కడే ఉండాలన్నది వాడి షరతు.

మూడో రోజే దెబ్బతింది. ఫోటోలు పదింపావుకి వచ్చాయి, బావగారు చెయ్యి చాపారు. అక్క ఆపింది. మళ్లీ కూర్చుని, ఆలస్యంగా వచ్చినవి మర్నాడు కాలేజీలో లెక్చరర్‌నే అడగాలని కలుపుకున్నారు. ఒప్పందం చెడితే సవరించాలి గానీ మళ్లీ లాక్కోవడానికి దిగకూడదు.

పిల్లాడు రోజుల తరబడి నిద్ర, తిండి మానేసినా, చచ్చిపోతాననే మాట అన్నా ఇదంతా సరిపోదు. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా పలుకుతారు.

నెల గడిచింది. మార్కులు ఇంకా పెద్దగా పెరగలేదు, వాడు పదిన్నరకి పడుకుంటున్నాడు. పదికి ఫోన్ పెట్టమని గుర్తు చేయాల్సి వస్తున్నది బావగారికే.