రాగి పైపు రెండోసారి వంచితే ఎందుకు మొండికేస్తుంది?

సమస్య

ఏసీ బిగిస్తూ పావు అంగుళం రాగి పైపు వంచారు, కొలత తప్పింది. తిన్నగా చేసి మళ్లీ వంచబోతే పాత చోట కదలదు, దాని పక్కన వంగుతుంది. పాత వంపు ఉబ్బుగా అలాగే ఉండిపోతుంది. బలవంతపెడితే అక్కడే చీలుతుంది. బెంగళూరు పీణ్యా షెడ్లలో అనంతపురం కుర్రాళ్లు వెంటనే ‘కల్తీ రాగి అన్నా’ అని తేల్చేస్తారు. అదే చుట్టలోంచి వంచని ముక్క కోసి వంచి చూడండి. అది మెత్తగా వంగితే సరుకును అనుమానించక్కర్లేదు.

కారణం

రాగిలో పరమాణువుల వరసలు కుదురుగా లేని గీతలు కొన్ని ఉంటాయి. వాటినే డిస్‌లొకేషన్లు అంటారు. లోహం వంగడమంటే ఈ గీతలు జరగడమే. అలాంటప్పుడు వంచేకొద్దీ అవి అంచులకు చేరి అయిపోవాలి కదా? అయిపోవు, పెరుగుతాయి. ఎలా పెరుగుతాయో 1950లో శాస్త్రవేత్తలు ఫ్రాంక్, రీడ్ వివరించారు.

ఒక గీత ముక్క రెండు చివర్లూ ఎక్కడో చిక్కుకుని ఉన్నాయనుకోండి. బలం పడితే మధ్య భాగం విల్లులా ఉబ్బుతుంది. అర్ధవృత్తం అయ్యేదాకా ఎదురుతిరుగుతుంది, అది దాటితే అదే బలానికి తనంతట తానే విచ్చుకుంటుంది. రెండు పక్కలూ చిక్కుల వెనక్కి తిరిగి ఎదురుపడతాయి. అవి పరస్పర వ్యతిరేకం కాబట్టి కలిసిన చోట రద్దవుతాయి. ఒక వలయం విడిపోయి బయటికి సాగుతుంది, పాత ముక్క మళ్లీ మొదటి చోటే మిగులుతుంది. ఇదంతా మళ్లీ మొదలు.

దీనికి కావలసిన కోత ఒత్తిడి సుమారుగా ఇది:

```
τ ≈ G b / L
```

G అంటే కోతకు లోహం ఎదురునిలిచే బిగువు, రాగికి దాదాపు 48 GPa. b అంటే గీత ఒకసారి దాటితే పరమాణువులు జరిగే దూరం, 0.256 nm. చిక్కుల మధ్య దూరం L ఒక మైక్రాన్ అయితే 12 MPa చాలు. కానీ వెలువడిన వలయాలు రాగిలోని చిన్న చిన్న స్ఫటికాల, అంటే రేణువుల అంచుల దగ్గర పోగుపడి వెనక్కి నెడతాయి, వేరే తలాల్లోని గీతలు అడ్డం పడి కొత్త చిక్కులవుతాయి. L సగమైతే 25 MPa కావాలి, పదో వంతయితే 120 దాటుతుంది. పాత వంపు దగ్గర జరిగింది ఇదే. పక్కనున్న రాగి ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి వంపు అటు జరిగింది.

పరిష్కారం

చీలిక కనిపిస్తే ముక్క కోసి పారేయండి, వేడి దాన్ని అతికించదు. చీలకపోతే కాల్చి మెత్తబరచవచ్చు. అయితే లైన్లో గ్యాస్ ఉండగా మంట పెట్టకూడదు. పైపు విప్పి, లోపల నల్లటి ఆక్సైడ్ పొర పేరుకోకుండా సన్నగా నైట్రోజన్ వదలండి. నీడలో కాల్చండి. ఎండలో మసక ఎరుపు కంటికి ఆనదు, తెలియకుండానే ఎక్కువ కాలుస్తారు. మసక ఎరుపు రాగానే మంట తీసేయండి. ఆ వేడికి గీతల చిక్కు తక్కువున్న కొత్త రేణువులు పుట్టి పాతవాటిని మింగేస్తాయి. ఎక్కువసేపు ఉంచితే ఆ రేణువులే పెద్దవై, వంచినప్పుడు పైపు పైతోలు నారింజ తొక్కలా గరుకుదేరుతుంది.

నీళ్లలో ముంచితే గట్టిపడుతుందన్న భయం వద్దు, అది ఉక్కు సంగతి. చల్లారాక పాత వంపు దగ్గరే వంచి చూడండి. అక్కడ కొత్త పైపులా లొంగితే పని అయినట్టే. ఇంకా పక్కకే వంగుతుంటే వేడి చాలలేదన్నమాట.