రివ్యూ చాప్టర్ తిరగరాసేటోళ్లు ముందే చూసుకోవాల్సినవి

ప్రీ-సబ్మిషన్ దగ్గరపడేసరికి కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల స్కాలర్లు గైడ్ నోట ఎక్కువగా వినే మాట ఒకటుంది, "ఇది రివ్యూ కాదమ్మా, లిస్టు, ఇందులో నువ్వేమంటున్నవో ఏది?" అని. ఇంక అప్పుడు టైం లేక అందరూ ఒకటే పని చేస్తరు, ఉన్న పేరాల నడుమ "అదేవిధంగా", "మరోవైపు", "ఇదిలా ఉండగా" అని పెట్టుకుంటూ పోతరు. దాంతోని ఏం మారదు. మీ చాప్టర్ ఇంకా లిస్టేనా కాదా తెల్వాలంటే రెండు పేరాలు కిందిమీద చేసి చదవుండ్రి, చదివేటోళ్లకి తేడా తెల్వకపోతే అది లిస్టే. లేదంటే ప్రతి పేరాల మొదటి వాక్యం ఒక్కటే వరుసగా చదవుండ్రి, అన్నీ ఫలానాయన ఫలానా సంవత్సరంల అధ్యయనం చేశారు అనే మొదలైతే అక్కడ మాట్లాడుతున్నది వాళ్లు, మీరు కాదు.

ఒక కేసు పట్టుకుని చెప్తా. మన దిక్కు చాలామంది తీసుకునే టాపిక్కే, గొలుసుకట్టు చెరువులు. 2015ల మిషన్ కాకతీయ మొదలైంది, పూడిక తీసిన్రు, కట్టలు గట్టిచేసిన్రు, తూములు మత్తళ్లు బాగుచేసిన్రు. ఆ తర్వాత ఆ చెరువుని, దాంట్లకి నీళ్లొచ్చే కాలువని ఊరోళ్లు ఎందుకు చూసుకుంటరు, ఎందుకు వదిలేస్తరు అన్నది స్కాలర్ ప్రశ్న అనుకోండి. మొదటి డ్రాఫ్ట్ మామూలుగా ఇట్లుంటది:

"వేడ్ (1988) కర్నూలు జిల్లాలో కాలువ కింది గ్రామాలను అధ్యయనం చేశారు. ఆస్ట్రోమ్ (1990) ఉమ్మడి వనరుల నిర్వహణకు ఎనిమిది సూత్రాలు ప్రతిపాదించారు. మోస్ (2003) తమిళనాడు చెరువులను అధ్యయనం చేశారు."

మూడూ నిజమే, ఒక్కటి కూడా ప్రశ్నకి జవాబు చెప్తలేదు.

దీన్ని తిరగరాసే ముందు ఫైల్ ఓపెన్ చెయ్యకుండ్రి, అదే మొదటి జాగ్రత్త. ఉన్న వాక్యాలు కళ్ల ముందుంటే చెయ్యి వాటినే అటిటు జరుపుతది. ఒక తెల్ల కాయితం మీద పైన మీ ప్రశ్న రాసుకుని, ఒక్కో పుస్తకం ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్తదో ఒక్క వాక్యంల, పక్కన పేజీ నంబర్ పెట్టి రాయుండ్రి. వేడ్ జవాబు ఏందంటే, నీళ్లు అందవేమో అన్న భయం ఎక్కువున్న దగ్గర, అంటే కాలువ చివర్ల ఉన్న ఊర్లల్ల, ఉమ్మడి ఏర్పాట్లు బలంగా ఉన్నయి అని. ఆస్ట్రోమ్ జవాబు, అవసరం ఒక్కటే చాలదు, హద్దులు, నిఘా, తప్పు చేస్తే చిన్న శిక్షతో మొదలై పెరిగే శిక్ష, ఇవన్నీ ఉంటేనే ఏర్పాటు ఎక్కువకాలం నిలుస్తది అని. మోస్ జవాబు, చెరువు ఏర్పాట్లని అవసరం లెక్కతోనే చూస్తే అర్థం కాదు, అది కులం, మర్యాద, పెత్తనం, రాజ్యం వీటితోని ముడిపడి ఉన్నది అని. ఏదన్నా పుస్తకానికి ఈ ఒక్క వాక్యం రాయలేకపోతున్నరంటే అది చాప్టర్ల ఉండాల్సింది కాకపోవచ్చు, లేదా మీరు దాని ముందుమాట మాత్రమే చదివిన్రు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఇక్కడ వస్తది. కలపాలన్న తొందరల సోర్సులని రెండు పార్టీలుగా చీల్చి కొట్లాట పెట్టబుద్ధి అయితది. "వేడ్ అవసరం అన్నారు, అధికారం సంగతి పట్టించుకోలేదు, మోస్ అధికారం అన్నారు" అని రాస్తే వినడానికి బాగుంటది, కానీ తప్పు. వేడ్ పుస్తకంల ఊరి పెద్దమనుషుల మండలిని నడిపేది పెద్ద రైతులే అని ఉన్నది, వాళ్లకి లాభం ఉన్నది గనుకనే ఏర్పాటు నడుస్తది అంటడు ఆయన. వైవాల ఎగ్జామినర్ ఆ పుస్తకం చదివినాయన అయితే మీ చాప్టర్ అక్కడే కూలుతది. అందుకని ఇద్దరికీ తేడా రాసే ముందు ఇద్దరూ ఒప్పుకునేది ఏందో వెతకండి, నా లెక్కల రివ్యూల అన్నిటికన్నా విలువైన పని అదే. ఇక్కడ ఒప్పుకునేది, ముందర నడిపేది పెద్ద రైతులు అని. తేడా, వాళ్లు ఎందుకు నడుపుతరు అన్న దగ్గర.

ఇది దొరికినంక మీ మాట దానంతటదే బయటికొస్తది, ఎందుకంటే మన దిక్కు ఊర్లల్ల పెద్ద రైతుకి బోరు ఉన్నది. చెరువు నీళ్ల అక్కర తగ్గింది. మరి వేడ్ చెప్పినట్టు లాభం తగ్గితే ఆయన తప్పుకోవాలె, మోస్ చెప్పినట్టు పెత్తనమే ముఖ్యమైతే ఆయన ఉండాలె. తిరగరాసిన పేరా ఇట్ల వస్తది:

"చెరువును ఊరు ఎందుకు చూసుకుంటుంది అన్న ప్రశ్నలో పెద్ద రైతు పాత్ర కీలకమని వేడ్ (1988), మోస్ (2003) ఇద్దరూ చూపారు. వేడ్ దాన్ని లాభంతో వివరిస్తే, మోస్ మర్యాదతో, పెత్తనంతో వివరిస్తారు. అయితే వేడ్ చూసింది కాలువలను, మోస్ చూసింది తమిళనాడు చెరువులను; బోర్లు వచ్చాక పెద్ద రైతు అవసరం తగ్గిన వరంగల్ చెరువులకు ఈ రెండు వివరణల్లో ఏది నిలుస్తుందో ముందే చెప్పలేం. ఆస్ట్రోమ్ (1990) చెప్పిన నిఘా, శిక్ష నియమాలు ఇక్కడ ఎవరి చేతిలో ఉన్నాయన్నది చూస్తేనే అది తేలుతుంది. అందుకే ఈ అధ్యయనం నీరటి నియామకాన్ని పరిశీలిస్తుంది."

చూడుండ్రి, పేరా మొదటి వాక్యంల పేర్ల కన్నా ముందు ప్రశ్న ఉన్నది, ఆస్ట్రోమ్ సంవత్సరాల వరుసల కాకుండా పని ఉన్న దగ్గర వచ్చింది, ఆఖరి వాక్యం ఫీల్డ్‌వర్క్ దిక్కు తోవ చూపెట్టింది. నీరటి అంటే ఎవరికి ఎన్ని నీళ్లు వదలాలో చూసేటాయన గదా, ఆయన్ని ఎవరు పెట్టిన్రు, వడ్లు ఎవరు ఇస్తున్నరు అని అడిగితే రెండు వివరణలకీ పరీక్ష అయితది.

ఇంకో జాగ్రత్త, మీ మాట అంటే "నేను అనుకుంటున్నాను" అని అక్కడక్కడ పెట్టుడు కాదు. ఎవర్ని ముందు పెట్టిన్రు, ఎక్కడ "అయితే" అన్నరు, ఎంత గట్టిగా అన్నరు, అక్కడ ఉంటది మీ గొంతు. "నిరూపించారు" అనే మాట మటుకు చూసి వాడుండ్రి, ఒక జిల్లాల కొన్ని ఊర్లు చూసి చెప్పినదాన్ని "చూపారు" అంటే చాలు, పుస్తకంల వాదించినదాన్ని "వాదించారు" అనాలె. ఇంకొకళ్ల పుస్తకంల చదివిన వేడ్ మాటని నేరుగా వేడ్ చదివినట్టు పెట్టకుండ్రి, పుస్తకం దొరకకపోతే ఎవరి ద్వారా తెలుసుకున్నరో వాళ్ల పేరే రాయండి.

సిమిలారిటీ సంగతి కూడా. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం 10 శాతం దాకా పెనాల్టీ లేదు, అది దాటి 40 లోపు ఉంటే ఆర్నెల్ల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలె. లిస్టు లెక్క రాసిన చాప్టర్లల్ల ఇది ఎక్కువ వచ్చేది ఎందుకంటే ఒక్కో పేరా ఒక్కో అబ్‌స్ట్రాక్ట్‌ని మార్చి రాసిందే గదా, వాక్యం అట్లనే ఉంచి మాటలు మార్చిన్రు అంతే, పైగా సాఫ్ట్‌వేర్ పట్టకపోయినా వాక్యం కట్టు వాళ్లదే అయితే అది కాపీయే. పైన చెప్పినట్టు పుస్తకం మూసి, కాయితం మీది ఒక్క వాక్యంతోని రాస్తే ఆ ఇబ్బంది చాలావరకు ఉండది, పేజీ నంబర్ ఉంది గనుక తర్వాత తెరిచి సరిగ్గ రాసిన్నా లేదా చూసుకోవచ్చు.

ఈ పద్ధతిల కొన్ని సోర్సులు బయటికి పోతయి, డెబ్బై ఉన్న దగ్గర యాభై మిగలొచ్చు, దానికి భయపడి అన్నిటినీ ఒక్క బ్రాకెట్ల కుక్కకుండ్రి, అట్ల కుక్కిన ఐదారు పేర్లల్ల ఎవరేమన్నరో ఎగ్జామినర్ అడిగితే చెప్పాల్సింది మీరే. తీసేసినవాటిని వేరే ఫైల్‌ల దాచుకోండి, ఫీల్డ్ చాప్టర్ రాసేటప్పుడు, ముఖ్యంగా శిఖం భూముల కబ్జా గిట్ల మీ ఇంటర్వ్యూలల్ల వస్తే, వాటిల్ల కొన్ని అక్కడ అక్కరకొస్తయి.